పని చేసింది అప్పుడు, కేసు వచ్చింది ఇప్పుడు... డబ్బు కట్టేది ఏ పాలసీ?

ముందు మీ బైక్ సంగతి చూద్దాం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంది, మార్చి 31తో అయిపోతుంది. మార్చి 14న మీ బైక్ ఎవరినో గుద్దింది. ఆయన హాస్పిటల్‌లో ఉండి, కోలుకుని, జులైలో ట్రిబ్యునల్‌లో కేసు వేశాడు. జులై నాటికి మీ దగ్గర పాత పాలసీ లేదు. కంపెనీ కూడా మార్చేశారు. అయినా పరిహారం కట్టాల్సింది పాత కంపెనీయే. ఎందుకంటే ఆ పాలసీ చూసేది ఒక్కటే: గుద్దిన రోజున ఇన్సూరెన్స్ ఉందా, లేదా? కేసు ఎప్పుడు వేశారన్నది దానికి అనవసరం.

ఇలా సంఘటన జరిగిన తేదీని పట్టుకుని నడిచే పాలసీని అకరెన్స్ పాలసీ అంటారు. మనలో చాలామందికి తెలిసిన ఇన్సూరెన్స్ లాజిక్ ఇదే. ప్రీమియం కట్టిన ఏడాదిలో ఏం జరిగినా ఆ ఏడాది పాలసీ చూసుకుంటుందని అనుకుంటాం.

డాక్టర్లు, డెంటిస్టులు, ఆర్కిటెక్టులు, సీఏలు, సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్లు తీసుకునే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ దగ్గరికొచ్చేసరికి ఈ లాజిక్ తిరగబడుతుంది. అక్కడ పాలసీ ముందుగా అడిగేది "తప్పు ఎప్పుడు జరిగింది?" అని కాదు. "నీ మీద కంప్లైంట్ ఎప్పుడొచ్చింది?" అని. దీన్ని క్లెయిమ్స్ మేడ్ పాలసీ అంటారు. నేను విజయవాడలో ఒక ఇన్సూరెన్స్ బ్రోకర్ ఆఫీసులో లయబిలిటీ పాలసీలు చూస్తుంటాను. కొత్తగా క్లినిక్ పెట్టిన డాక్టర్లకు నేను ఎక్కువసార్లు చెప్పాల్సి వచ్చేది ఈ తేడా గురించే. ఏళ్ల తరబడి ప్రీమియం కడుతూ కూడా, అవసరమైన రోజున చేతిలో ఏమీ లేకుండా పోయే అవకాశం ఇక్కడే ఉంది.

గాజుగుడ్డ చెప్పిన లెక్క

ఈ తేడా ఎందుకు పుట్టిందో తెలియాలంటే, 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు చూడాలి. 1993లో ఒక నర్సుకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమెకు కడుపునొప్పి వస్తూనే ఉంది. 2002లో ఇంకో చోట మళ్లీ ఆపరేషన్ చేస్తే లోపల గాజుగుడ్డ బయటపడింది. 2004లో ఆమె వినియోగదారుల కమిషన్‌కు వెళ్లారు.

అంటే పని జరిగింది 1993లో, విషయం తెలిసింది 2002లో, కంప్లైంట్ వచ్చింది 2004లో. మధ్యలో పదకొండేళ్లు.

కోర్టు చివరికి ఆమె ఆలస్యం చేశారంది. నొప్పి మొదటి నుంచీ ఉంది, నర్సుగా ఆమెకు విషయం తెలుసుకునే అవకాశమూ ఉంది, ఇన్నేళ్లు ఊరుకోవడం కుదరదని కేసు కొట్టేసింది. అయితే అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. డాక్టర్ నిర్లక్ష్యం ప్రభావం వెంటనే కనిపిస్తే గడువు అప్పటి నుంచే మొదలవుతుంది. కనిపించకపోతే, తగిన జాగ్రత్త తీసుకునే పేషెంట్ దాన్ని తెలుసుకోగలిగిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది.

మన చట్టంలో వినియోగదారుల కేసుకు గడువు రెండేళ్లు. అయినా ఆ రెండేళ్లు ఎప్పుడు మొదలవుతాయన్నది ఒక్కో కేసులో ఒక్కోలా ఉంటుంది. పైగా, సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. కాబట్టి ఈరోజు చేసిన ఆపరేషన్ మీద కంప్లైంట్ ఎన్నేళ్లకు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ వైపు నుంచి చూడండి. 1993 పాలసీని అకరెన్స్ పద్ధతిలో అమ్మి ఉంటే, ఆ ఏడాది లెక్కల పుస్తకం ఎప్పటికీ మూతపడదు. పదకొండేళ్ల తర్వాత వచ్చే క్లెయిమ్‌కు అప్పట్లోనే ప్రీమియం వసూలు చేసి ఉండాలి. అదెంత ఉండాలో ఊహించడం కష్టం. ఆస్‌బెస్టాస్ విషయంలో అమెరికా, బ్రిటన్ కంపెనీలకు ఎదురైంది ఇదే. ఆ ధూళి పీల్చిన కార్మికులకు జబ్బు దశాబ్దాల తర్వాత బయటపడింది. ఎప్పుడో మర్చిపోయిన పాత పాలసీల మీద పరిహారాలు కట్టాల్సి వచ్చింది. ఇలాంటి అనుభవాల వల్లే ఆలస్యంగా కేసులొచ్చే వృత్తుల్లో కంపెనీలు క్లెయిమ్స్ మేడ్ వైపు మళ్లాయి. ఈ ఏడాది కంప్లైంట్ వస్తే ఈ ఏడాది పాలసీ కడుతుంది. ఏడాది అయిపోగానే ఎన్ని కంప్లైంట్లు వచ్చాయో లెక్క తేలిపోతుంది.

కంపెనీకి ఇది సుఖం. ఆ సుఖం కోసం కొంత బాధ్యత మన మీదికి వచ్చింది. తేదీలను కాపాడుకోవాల్సింది ఇప్పుడు మనమే.

జ్ఞానదంతం, నాలుగు తేదీలు

లెక్క చేసి చూస్తేనే అర్థమవుతుంది. ఇది నేను అల్లిన ఉదాహరణే గానీ, ఇందులో ప్రతి మలుపూ నిజంగా జరిగేదే.

గుంటూరులో ఒక డెంటిస్ట్ అనుకుందాం. ఆవిడ 2019 జూన్ 1న క్లినిక్ తెరిచి, అదే రోజు ఒక కంపెనీలో పాలసీ తీసుకుంది. దీన్ని మొదటి కంపెనీ అందాం. ఏటా టైముకి రెన్యూ చేస్తూ వచ్చింది.

2021 నవంబర్ 10న ఒక పేషెంట్‌కు కింది దవడలో జ్ఞానదంతం తీసింది. కింది జ్ఞానదంతం వేర్లకు దగ్గరగా ఒక నరం వెళ్తుంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చేది అదే. పన్ను తీసేటప్పుడు ఆ నరం నలిగితే పెదవి మొద్దుబారుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది. కొద్దిమందికి అలాగే ఉండిపోతుంది. ఈ పేషెంట్‌కు తగ్గలేదు.

2022 ఫిబ్రవరిలో ఆ పేషెంట్ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. "మేడమ్, మూడు నెలలైంది. టీ తాగుతుంటే కారిపోతున్నా తెలియట్లేదు. దీనికి ఎవరు బాధ్యులు?" అని. ఆవిడ మందులు రాసి, కొంచెం ఓపిక పట్టమంది. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

2022 మే 31న పాలసీ అయిపోయింది. ఇంకో కంపెనీ తక్కువ ప్రీమియం చెప్పిందని, జూన్ 1న అక్కడ కొత్త పాలసీ తీసుకుంది. దీన్ని రెండో కంపెనీ అందాం. రెండు పాలసీల మధ్య ఒక్కరోజు కూడా ఖాళీ లేదు. అంతా పద్ధతిగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

2023 సెప్టెంబర్‌లో లాయర్ నోటీసు వచ్చింది. 20 లక్షలు పరిహారం అడిగారు. అక్టోబర్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు పడింది. పన్ను తీసి రెండేళ్లు నిండలేదు కాబట్టి గడువులోనే ఉంది.

ఆవిడ ముందు మొదటి కంపెనీకి రాసింది. పన్ను తీసిన రోజున మీ పాలసీయే ఉంది కదా అని. వాళ్ల జవాబు: "పని మా పాలసీ కాలంలోనే జరిగింది, నిజమే. కానీ మీ మీద క్లెయిమ్ వచ్చింది 2023లో. మా పాలసీ 2022 మేలోనే అయిపోయింది."

సరే అని రెండో కంపెనీకి రాసింది. వాళ్ల జవాబు: "క్లెయిమ్ మా పాలసీ కాలంలోనే వచ్చింది, నిజమే. కానీ మీ పాలసీ షెడ్యూల్‌లో రెట్రోయాక్టివ్ డేట్ 2022 జూన్ 1 అని ఉంది. ఆ తేదీకి ముందు చేసిన పని మాకు సంబంధం లేదు."

నాలుగేళ్లకు పైగా ఒక్క రోజు కూడా ఆపకుండా ప్రీమియం కట్టిన మనిషికి, ఆ 20 లక్షల కేసులో లాయర్ ఫీజుకి కూడా సాయం లేదు. ఇద్దరూ మోసం చేయలేదు. ఇద్దరూ తమ తమ పాలసీలో రాసిందే చెప్పారు. క్లినిక్ లోనులోనే ఉన్న కుటుంబానికి ఆ జవాబుల బరువు ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఇదే పాలసీ అకరెన్స్ పద్ధతిలో ఉండి ఉంటే గొడవే లేదు. 2021 నవంబర్ 10న ఎవరి పాలసీ ఉంది? మొదటి కంపెనీది. వాళ్లే చూసుకునేవాళ్లు.

ఎక్కడ తెగింది?

ఈ కథలో తాడు రెండు చోట్ల తెగింది. విడివిడిగా చూద్దాం.

మొదటిది రెట్రోయాక్టివ్ డేట్. క్లెయిమ్స్ మేడ్ పాలసీ ఈ ఏడాది వచ్చే కంప్లైంట్లను చూస్తుంది సరే, కానీ ఎంత పాత పని మీద వచ్చిన కంప్లైంట్‌ను చూస్తుంది? దానికి గీసిన గీతే ఈ తేదీ. సాధారణంగా మీరు మొట్టమొదట పాలసీ తీసుకున్న రోజు ఇక్కడ పడుతుంది. ఆపకుండా రెన్యూ చేస్తున్నంత కాలం ఆ తేదీ కదలదు. మన డెంటిస్ట్‌కు అది 2019 జూన్ 1. ఆవిడ మొదటి కంపెనీలోనే ఉండి ఉంటే, 2023 పాలసీలో కూడా 2019 అనే ఉండేది. 2021 పని ఆ గీతకు ఇవతలే ఉంది కాబట్టి క్లెయిమ్ నడిచేది.

కంపెనీ మారినప్పుడు మాత్రం ఆ తేదీ దానంతటదే వెంట రాదు. అడిగి తెచ్చుకోవాలి. పాత పాలసీల కాపీలు చూపించి, "నా రెట్రోయాక్టివ్ డేట్ 2019 జూన్ 1గానే ఉంచండి" అంటే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. కొన్నిసార్లు ప్రీమియం కాస్త పెరుగుతుంది. అడగకపోతే అది కొత్త పాలసీ కింద లెక్క, కొత్త తేదీ పడుతుంది. తక్కువ ప్రీమియం చెప్పారంటే, ఒక్కోసారి అందులో ఈ కారణం కూడా ఉంటుంది. వెనకటి మూడేళ్ల రిస్క్‌ను వాళ్లు తీసుకోవట్లేదు మరి.

కంపెనీ మారకపోయినా ఇది జరగొచ్చు. మే 31న అయిపోయిన పాలసీని జూన్ 20న కట్టారనుకోండి. బైక్ ఇన్సూరెన్స్‌లో ఆ ఇరవై రోజులే రిస్క్. ఇక్కడ అలా కాదు. మధ్యలో తెగింది కాబట్టి రెట్రోయాక్టివ్ డేట్ జూన్ 20కి జారిపోవచ్చు. అంటే పోయింది ఇరవై రోజులు కాదు, వెనక చేసిన అన్నేళ్ల పని. ఆలస్యమైతే డబ్బు కట్టేసి ఊరుకోకుండా, పాత తేదీ కొనసాగుతుందని షెడ్యూల్‌లో రాయించుకోవాలి. ఈ మధ్య కాలంలో ఏ క్లెయిమూ రాలేదని డిక్లరేషన్ అడిగి తేదీని కొనసాగించే కంపెనీలూ ఉన్నాయి.

వాట్సాప్ మెసేజ్ విలువ

రెండోది ఇంకా ముఖ్యం, ఎవరూ పట్టించుకోనిది కూడా. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఆ వాట్సాప్ మెసేజ్.

ఆ మెసేజ్‌లో డబ్బు అడగలేదు, కేసు వేస్తానని అనలేదు. కాబట్టి చాలా పాలసీల నిర్వచనం ప్రకారం అది ఇంకా క్లెయిమ్ కాదు. కానీ రేపు క్లెయిమ్‌గా మారే అవకాశం ఉన్న సంఘటన. ఇలాంటివాటి కోసమే మన దేశంలో అమ్మే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీల్లో సాధారణంగా ఒక క్లాజ్ ఉంటుంది. ఫలానా సంఘటన జరిగింది, దీనివల్ల క్లెయిమ్ రావచ్చు అని పాలసీ నడుస్తుండగానే కంపెనీకి తెలియజేసి, వాళ్లు దాన్ని స్వీకరిస్తే, ఆ తర్వాత క్లెయిమ్ ఎప్పుడొచ్చినా, అది తెలియజేసినప్పటి పాలసీలోనే వచ్చినట్టు లెక్కిస్తారు.

మన డెంటిస్ట్ లెక్క మళ్లీ చూడండి. 2022 ఫిబ్రవరి మెసేజ్ రాగానే మొదటి కంపెనీకి ఒక మెయిల్ పెట్టి, వాళ్లు స్వీకరించారనుకోండి. మేలో పాలసీ అయిపోయినా, ఆవిడ వేరే కంపెనీకి వెళ్లినా, నోటీసు 2023లో వచ్చినా, ఆ కేసు మొదటి కంపెనీ నెత్తినే ఉండేది. పది నిమిషాల పని. ఆ ఒక్క మెయిల్ 20 లక్షల కేసును కాసేది.

అదే మెసేజ్‌ను దాచితే ఇంకో చిక్కు కూడా ఉంది. ఆవిడ రెండో కంపెనీలో చేరేటప్పుడు తెలివిగా 2019 తేదీనే అడిగి తెచ్చుకుందనుకుందాం. ప్రపోజల్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: మీ మీద క్లెయిమ్ రావడానికి దారితీసే సంఘటన ఏదైనా మీకు తెలుసా? ఆవిడ "లేదు" అని టిక్ పెట్టింది. ఏడాది తర్వాత కేసు వస్తే, కంపెనీ పేషెంట్‌తో చేసిన చాట్ అడుగుతుంది. ఫిబ్రవరి మెసేజ్ అందులో ఉంటుంది. తెలిసీ చెప్పలేదు కాబట్టి కట్టం అంటుంది. "ఉంది" అని నిజం రాసి ఉంటే, ఆ ఒక్క సంఘటనను మినహాయించి మిగతాదానికి పాలసీ ఇచ్చేవాళ్లు. అంటే, తెలిసిన గొడవ ఎప్పుడూ పాత పాలసీలో చెప్పాల్సిందే. కొత్త పాలసీ దాన్ని మోయదు.

ఈ మాట చెబితే నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఈ మధ్యే ఒక కుర్ర డాక్టర్ ఫోన్ చేసి ఇదే అడిగాడు.

"అన్నా, పేషెంట్ తిట్టాడంతే, కేసేం వెయ్యలేదు. ఇప్పుడే కంపెనీకి చెబితే నేనే నా తప్పు ఒప్పుకున్నట్టు కాదా? ప్రీమియం కూడా పెంచేస్తారేమో?"

"తప్పు ఒప్పుకోమని ఎవరూ అనట్లేదు డాక్టర్ గారూ. జరిగింది జరిగినట్టు రాయండి చాలు. పెదవి మొద్దుబారిందని పేషెంట్ అంటున్నాడు అని రాయడం వేరు, నా వల్లే మొద్దుబారిందని రాయడం వేరు."

"మరి ప్రీమియం?"

"పెరిగితే పెరగొచ్చు. పెరిగేది వేలల్లో. చెప్పకపోతే పోయేది లక్షల్లో. మీరే చూసుకోండి."

ఆ మెయిల్‌లో ఏం ఉండాలంటే: పాలసీ నంబర్, ఏ తేదీన ఏ చికిత్స చేశారు, పేషెంట్ ఏమంటున్నాడు, ఆ విషయం మీకు ఎప్పుడు, ఎలా తెలిసింది. మెసేజ్ స్క్రీన్‌షాట్, ఎక్స్‌రే, సంతకం చేయించుకున్న కన్సెంట్ ఫారం జత చేయాలి. ఏజెంట్‌కు ఫోన్‌లో చెప్పి ఊరుకోకూడదు. కంపెనీకి రాతపూర్వకంగా వెళ్లాలి, అందిందని జవాబు రావాలి. ఆ జవాబును దాచుకోవాలి, ఎందుకంటే మూడేళ్ల తర్వాత అవసరమయ్యేది అదే.

ఒక పరిమితి కూడా ఉంది. పాలసీ అయిపోయే వారం ముందు, ఈ ఏడాది చూసిన పేషెంట్లందరి లిస్టు పంపి, వీళ్లలో ఎవరైనా కేసు వేయొచ్చు అంటే కంపెనీ ఒప్పుకోదు. ఫలానా పేషెంట్, ఫలానా రోజు, ఫలానా సమస్య అని నిర్దిష్టంగా ఉండాలి.

ఇంకోటి. పేషెంట్‌ను శాంతపరచడానికి "తప్పు నాదే, ఫీజు వెనక్కి ఇచ్చేస్తాను, ఇంకో 50 వేలు కూడా ఇస్తాను" అని మెసేజ్ పెట్టకండి. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదు, సెటిల్‌మెంట్ చేసుకోకూడదు అని దాదాపు ప్రతి లయబిలిటీ పాలసీలోనూ ఉంటుంది. పేషెంట్ బాగోగులు అడగండి, మళ్లీ చూపించుకోమనండి, నరాల స్పెషలిస్ట్ దగ్గరికి పంపండి. దానికెవరూ అడ్డు చెప్పరు.

పాలసీ అయిపోయాక 90 రోజులు

పాలసీ రెన్యూ చేయకపోతే వెంటనే తలుపు మూసేస్తారా? మన దగ్గర వాడుకలో ఉన్న చాలా పాలసీల్లో కొంచెం వెసులుబాటు ఉంది. గడువు ముగిశాక 90 రోజుల వరకు, పాలసీ కాలంలో జరిగిన పని మీద వచ్చిన క్లెయిమ్‌ను తెలియజేయొచ్చు. దాన్ని పాలసీ చివరి రోజున వచ్చినట్టు లెక్కిస్తారు.

మన డెంటిస్ట్‌కు ఇది పనికొచ్చేదా? రాదు. నోటీసు వచ్చింది దాదాపు పదహారు నెలల తర్వాత. ఒకవేళ 90 రోజుల్లోపే వచ్చినా కష్టమే. అదే రిస్క్‌కు వేరే పాలసీ లేనప్పుడే ఈ వెసులుబాటు అని ఆ క్లాజ్‌లోనే ఉంటుంది. ఆవిడ దగ్గర అప్పటికే రెండో కంపెనీ పాలసీ ఉంది. ఆ పాలసీ పాత పనిని కవర్ చేయదన్నది మొదటి కంపెనీ సమస్య కాదు.

అందుకే ప్రాక్టీస్ మానేసేవాళ్లు కూడా ఆలోచించాలి. క్లినిక్ అమ్మేసి పీజీకి వెళ్లిపోతున్నారు, లేదా విదేశం వెళ్తున్నారు, లేదా రిటైర్ అవుతున్నారు. ఇక పేషెంట్లను చూడట్లేదు కదా, పాలసీ ఎందుకు అనిపిస్తుంది. కానీ చివరి రోజున చేసిన చికిత్స మీద కనీసం రెండేళ్లపాటు కేసు రావొచ్చు. క్లెయిమ్స్ మేడ్ పాలసీ ఉన్నవాళ్లు పని ఆపాక కూడా కొన్నేళ్లు దాన్ని నడిపించుకోవాలి, లేదా వెనకటి పనికి మాత్రమే వర్తించేలా కవర్ ఇస్తారేమో కంపెనీని అడగాలి.

అమెరికాలో ఉన్న మన డాక్టర్లకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ హాస్పిటల్ ఉద్యోగం మారేటప్పుడు టెయిల్ కవరేజ్ అనేది పెద్ద బేరం. పాత పని మీద తర్వాత వచ్చే కేసుల కోసం ఒకేసారి కొనే కవర్ అది. దాని ధర చాలాసార్లు ఏడాది ప్రీమియానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. ఆ డబ్బు హాస్పిటల్ కడుతుందా, డాక్టరే కట్టుకోవాలా అన్నది ఉద్యోగ ఒప్పందంలోనే రాసుకుంటారు. మీ అక్కో బావో అక్కడ ఆఫర్ లెటర్ చూస్తుంటే, జీతం లైను తర్వాత ఈ లైను కూడా వెతకమనండి.

అలాగని అకరెన్స్ అన్నిటికీ మంచిదా?

ఇంత చదివాక అకరెన్స్ పాలసీయే కొనుక్కుంటే పోలా అనిపించొచ్చు. మన దగ్గర వృత్తిపరమైన కవర్ చాలావరకు క్లెయిమ్స్ మేడ్‌గానే దొరుకుతుంది. షాపులు, ఫ్యాక్టరీలు తీసుకునే కమర్షియల్ జనరల్ లయబిలిటీ పాలసీ మాత్రం రెండు రకాలుగానూ దొరుకుతుంది. కాబట్టి వ్యాపారం చేసేవాళ్లకు ఎంచుకునే అవకాశం ఉంటుంది.

క్లెయిమ్స్ మేడ్‌లో ఒక లాభం కూడా ఉంది. 2019లో మన డెంటిస్ట్ 10 లక్షల కవర్‌తో మొదలుపెట్టి, 2023 నాటికి 25 లక్షలకు పెంచిందనుకోండి. తేదీ తెగకుండా ఒకే చోట నడిచి ఉంటే, 2023లో వచ్చిన 20 లక్షల క్లెయిమ్‌కు సాధారణంగా 2023 లిమిట్ పనిచేస్తుంది. అకరెన్స్‌లో అయితే పని జరిగిన నాటి లిమిటే దిక్కు. పదేళ్ల కిందటి 10 లక్షలు ఇప్పటి కోర్టు పరిహారాల ముందు చిన్నబోతాయి. పైగా పదేళ్ల నాటి పాలసీ కాగితం వెతికి పట్టుకోవాలి. నష్టం నిదానంగా పెరిగే కేసుల్లో అసలు అది ఏ ఏడాది జరిగిందన్నదే పెద్ద వాదన అవుతుంది.

అయితే ఒక హెచ్చరిక. లిమిట్ పెంచినప్పుడు, పెంచిన మొత్తానికి కొత్త రెట్రోయాక్టివ్ డేట్ వేసే కంపెనీలు ఉంటాయి. అలా ఉంటే పాత పనికి పాత 10 లక్షలే. పెంచేటప్పుడు ఆ మాట అడగండి.

డాక్టర్ కానివాళ్లకి

1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చింది. అందుకే డాక్టర్ల ఉదాహరణ చెప్పాను. అదే సూత్రం మీ పనికీ వర్తిస్తుంది. మీరు హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ క్లయింట్‌కు పేమెంట్ యాప్ రాసిచ్చారు. కాంట్రాక్ట్‌లో ఇండెమ్నిటీ పాలసీ ఉండాలన్నారు కాబట్టి తీసుకున్నారు. ప్రాజెక్ట్ అయిపోగానే ఆపేశారు. పద్నాలుగు నెలల తర్వాత కోడ్‌లో లోపం వల్ల నష్టపోయామని క్లయింట్ మెయిల్ పెట్టాడు. కోడ్ రాసిన రోజుల్లో పాలసీ ఉండటం ఇక్కడ మిమ్మల్ని కాపాడదు. మెయిల్ వచ్చిన రోజున ఉండాలి. ఆర్కిటెక్ట్ గీసిన ప్లాన్‌కు, సీఏ వేసిన రిటర్న్‌కు కూడా అంతే.

ఫోన్‌లో ఉన్న పాలసీ తెరవండి

మీ పాలసీ పీడీఎఫ్ ఫోన్‌లోనే ఉంటుంది. తెరిచి మొదట షెడ్యూల్ పేజీ చూడండి. రెట్రోయాక్టివ్ డేట్ అనే లైను ఉంటే అది క్లెయిమ్స్ మేడ్ పాలసీయే అనుకోవచ్చు. ఆ తేదీ, మీరు మొట్టమొదట పాలసీ తీసుకున్న తేదీ ఒకటేనా? కాకపోతే ఈ వారమే అడగండి. తర్వాత లోపలి పేజీల్లో క్లెయిమ్ అనే మాటకు ఏం నిర్వచనం ఇచ్చారో చూడండి. కొన్ని పాలసీలు మీ మీద క్లెయిమ్ రావడమే కాదు, దాన్ని కంపెనీకి తెలియజేయడం కూడా పాలసీ కాలంలోనే జరగాలంటాయి. మే 28న వచ్చిన నోటీసును జూన్ 5న చూద్దాంలే అని పక్కన పెట్టడం అక్కడ పనికిరాదు.

కేసు పడ్డాక కూడా గడియారం ఆగదు. వినియోగదారుల కమిషన్ నోటీసు అందిన రోజు నుంచి జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. అంతకు మించి ఒక్కరోజు కూడా ఇవ్వడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. కంపెనీ లాయర్‌ను పెట్టాలన్నా, ఆయన మీ కేస్‌షీట్ చదివి జవాబు రాయాలన్నా ఆ 45 రోజుల్లోనే జరగాలి. నోటీసు కవరు మీద అందిన తేదీ రాసుకుని, ఆ రోజే స్కాన్ చేసి కంపెనీకి పంపేయండి.

ఇక రెన్యువల్‌కు నెల ముందు ఫోన్‌లో ఒక రిమైండర్ పెట్టుకోండి. ప్రీమియం కట్టడానికే కాదు. ఈ ఏడాది ఎవరైనా పేషెంట్ గానీ క్లయింట్ గానీ అసంతృప్తిగా వెళ్లారా, కోపంగా మెసేజ్ పెట్టారా, రికార్డులు కాపీ అడిగారా అని చాట్‌లు, మెయిళ్లు ఒకసారి వెనక్కి తిప్పి చూడటానికి. చికిత్స పేపర్లు కాపీ అడిగిన పేషెంట్ చాలాసార్లు లాయర్‌ను కలిసి వచ్చినవాడే. అలాంటిది ఒక్కటున్నా పాత పాలసీ బతికుండగానే కంపెనీకి మెయిల్ వెళ్లిపోవాలి.